విత్తనాలతో ఒక వారం: యూకేజీకి ఆటల ప్రణాళిక ఎలా వేయాలి?

20 మంది పిల్లలున్న తరగతి అనుకుందాం. చింతపిక్కలు, బొబ్బర్లు, ఎండు చిక్కుడు గింజలు తలా గుప్పెడు, ఒక చిన్న గిన్నెడు పెసలు, నాలుగు గుడ్ల ట్రేలు, శుక్రవారానికి కొన్ని మెంతులు, కాగితపు కప్పులు ఉంటే చాలు. గురివింద గింజలు, ఆముదాలు ఎంత ముచ్చటగా ఉన్నా తేవద్దు, అవి విషం. గింజల్ని ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు కాబట్టి లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి.

సోమవారం బడి మొదలవగానే పెసలు నానబెట్టించండి. తర్వాత కలిపిన గింజలు పళ్లెంలో పోసి, "ఏవేవి ఒక చోట ఉండాలి?" అని మాత్రమే అడగండి. రంగును బట్టి వేరుచేయమని మీరే చెప్పేస్తే, పరిమాణం చూసి విడదీసే పిల్ల ఆలోచన మీకు కనబడదు. ఇళ్లకు వెళ్లేముందు పెసల నీళ్లు పూర్తిగా వంపి, తడిగుడ్డలో మూటకట్టండి. నీళ్లలోనే వదిలేస్తే గాలి అందక కుళ్లి వాసనొస్తాయి.

మంగళవారం వామనగుంటలు. ఈ వయసుకు అసలు ఆట నియమాలు బరువవుతాయి. గుడ్ల ట్రేలో గుంటకొక పిక్క వేసుకుంటూ పోతే చాలు. గణితం, వేళ్ల పట్టు, వంతు కోసం ఆగడం, మూడూ ఇందులోనే ఉన్నాయి.

బుధవారం మూట విప్పండి. నానింది, ఉబ్బింది, పొట్టు ఊడింది, మొలకొచ్చింది అనే మాటలు పిల్లల నోటే రానివ్వండి. చలికాలమైతే మొలక గురువారానికి గానీ రాదు. అప్పుడు గురువారం పెట్టాల్సిన గింజల కొట్టు ఆటను బుధవారమే ఆడించండి. శుక్రవారం కాగితపు కప్పుల్లో మెంతులు చల్లించండి. కప్పు అడుగున చిల్లు మరవద్దు.

పరిశీలన రోజుకు నలుగురినే. అందరినీ చూడబోతే ఎవరి గురించీ రాయలేరు. సోమవారం నుంచి శుక్రవారానికి 20 మందీ అయిపోతారు. రాని పిల్లలకు శనివారం ఉంచండి.

"లెక్కలో వెనకబడింది" అని రాస్తే రేపు ఏం చేయాలో తెలియదు. ఇలా రాయండి: "మంగళవారం. 7 పిక్కలు గుండ్రంగా పెడితే 9 అంది. మొదట తాకిన రెండింటిని మళ్లీ తాకింది. వరసగా పేర్చాక 7 అని సరిగ్గా చెప్పింది." అంటే అంకెల వరుస పాపకు వచ్చు, ఎక్కడ మొదలుపెట్టిందో గుర్తుండటం లేదు. కాబట్టి 1 నుంచి 10 మళ్లీ వల్లె వేయించక్కర్లేదు. గురువారం కొట్టు ఆటలో ఆ పాపనే అమ్మేవాళ్లుగా కూర్చోబెట్టి, లెక్కపెట్టిన ప్రతి పిక్కనూ గిన్నెలో వేయమనండి. అప్పుడు ఎన్ని చెప్పిందో అదే కాగితం మీద, కింద రాయండి.