ఫైల్ ఆర్గనైజేషన్ – 6వ భాగం: హాషింగ్‌లో బకెట్ ఎలా చీలుతుంది, చెట్టుతో ఎక్కడ తేడా వస్తుంది

గత భాగంలో బీ ప్లస్ ట్రీలో ఒక కీని వెతకడం నేర్చుకున్నాం. ఈసారి చెట్టు ఎక్కి దిగే పని లేకుండా, కీ మీద ఒక లెక్క చేసి నేరుగా పేజీ దగ్గరికి చేరే పద్ధతి చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మధ్యలో వచ్చే బిట్లను మీరే రాసి చూస్తేనే ఇది పట్టుబడుతుంది.

ముందు స్టాటిక్ హాషింగ్. ఫైల్ తయారుచేసే రోజే బకెట్ల సంఖ్య ఖాయం చేస్తాం. ఒక్కో బకెట్‌కు ఒక పేజీ. 4 కేబీ పేజీలో 100 బైట్ల రికార్డులు సుమారు 40 పడతాయి. 1,000 బకెట్లు పెట్టి 32,000 రికార్డులు వేస్తే ఒక్కో పేజీలో సగటున 32 ఉంటాయి, కాబట్టి ఏ కీ అడిగినా దాదాపు ఒకే పేజీ చదివితే చాలు. ఇబ్బంది ఫైల్ పెరిగాక మొదలవుతుంది. రికార్డులు 3,20,000 అయితే ఒక్కో బకెట్‌కు 320 వస్తాయి. అంటే అసలు పేజీకి ఏడు ఓవర్‌ఫ్లో పేజీలు గొలుసులా తగులుకుంటాయి. ఉన్న కీని వెతకడానికి సగటున నాలుగైదు పేజీలు చదవాలి. లేని కీని అడిగితే ఎనిమిదీ చదివాకే ‘లేదు’ అని చెప్పగలం. బకెట్లు పెంచుదామంటే హాష్ ఫంక్షనే మారుతుంది, ఫైల్ మొత్తాన్ని చదివి మళ్లీ రాయాలి.

నిండిన బకెట్ ఒక్కదాన్నే చీల్చి, మిగతావాటిని కదపకుండా వదిలేయగలిగితే? ఎక్స్‌టెండిబుల్ హాషింగ్ చేసేది అదే. ఫేగిన్, నీవర్గెల్ట్, పిపెంజర్, స్ట్రాంగ్ 1979లో దీన్ని ప్రచురించారు. బకెట్ల ముందు పాయింటర్ల పట్టిక ఒకటి ఉంటుంది, దాని పేరు డైరెక్టరీ. హాష్ విలువ చివరి నుంచి ఎన్ని బిట్లు చూసి డైరెక్టరీలో గడిని ఎంచుకుంటామో అది గ్లోబల్ డెప్త్. ఒక బకెట్‌లోని కీలన్నిటికీ చివరి బిట్లు ఎన్ని ఒకేలా ఉన్నాయని ఆ బకెట్ హామీ ఇస్తుందో అది లోకల్ డెప్త్. గ్లోబల్ డెప్త్ డైరెక్టరీకి ఒక్కటే, లోకల్ డెప్త్ మాత్రం ప్రతి బకెట్‌కూ విడిగా రాసి ఉంటుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. బకెట్‌కు 3 రికార్డులే పడతాయనుకోండి. లెక్క సులువుగా ఉండాలని కీనే హాష్ విలువగా తీసుకుందాం. గ్లోబల్ డెప్త్ 2, అన్ని లోకల్ డెప్త్‌లూ 2.

```
00 -> A: 4, 12, 16
01 -> B: 5, 9
10 -> C: 6, 10
11 -> D: 7, 15
```

ఇప్పుడు 20 చేర్చాలి. దాని బిట్లు `10100`, చివరి రెండు `00`, కాబట్టి A లోకి వెళ్లాలి. A నిండిపోయింది. పైగా దాని లోకల్ డెప్త్, గ్లోబల్ డెప్త్ రెండూ సమానం, అంటే A ని చూపే గడి ఒక్కటే. చీల్చితే పుట్టే కొత్త బకెట్‌కు గడి లేదు. అందుకే డైరెక్టరీని రెట్టింపు చేస్తాం: 4 గడులు 8 అవుతాయి, గ్లోబల్ డెప్త్ 3 అవుతుంది. ఇక్కడ రెట్టింపయ్యేది పాయింటర్లే, బకెట్లు కావు. B, C, D ని చూపే గడులు రెండేసి అవుతాయి, ఆ పేజీలను మనం ముట్టుకోం. A మాత్రం మూడో బిట్ ప్రకారం చీలుతుంది: `000` లో 16 మిగులుతుంది, `100` లోకి 4, 12, 20 వెళతాయి. ఈ రెండింటి లోకల్ డెప్త్ 3.

తర్వాత 13 చేర్చండి. చివరి బిట్లు `101`, B లో చోటుంది, చేరిపోతుంది. ఆపై 21 వస్తే అదీ `101`, B ఇప్పుడు నిండి ఉంది. కానీ B లోకల్ డెప్త్ 2, గ్లోబల్ డెప్త్ 3. దాన్ని చూపే గడులు రెండు ఉన్నాయి కాబట్టి డైరెక్టరీని పెంచక్కర్లేదు. `001` లో 9 ఉంటుంది, `101` లోకి 5, 13, 21 వెళతాయి, ఒక పాయింటర్ మారుతుంది. అంతే.

కోడ్ రాసేటప్పుడు తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. బకెట్‌ను చూపే గడులు ఎప్పుడూ రెండే ఉండవు. గ్లోబల్ డెప్త్ 5, బకెట్ లోకల్ డెప్త్ 2 అయితే ఆ బకెట్‌ను 8 గడులు చూపుతుంటాయి. చీల్చినప్పుడు వాటిలో 4 కొత్త బకెట్‌కు మారాలి. ఒక్కటే మార్చి ఊరుకుంటే, చేర్చిన రికార్డుల్లో కొన్ని వెతికితే దొరకవు. అన్నీ కాక కొన్నే పోతాయి కాబట్టి ఈ తప్పు చిన్న పరీక్షల్లో బయటపడదు. దీన్ని పట్టుకోవడానికి ఒక ఖచ్చితమైన తనిఖీ ఉంది: గ్లోబల్ డెప్త్ g, లోకల్ డెప్త్ d అయితే ఆ బకెట్‌ను చూపే గడులు సరిగ్గా `2^(g-d)` ఉండాలి. ప్రతి చీలిక తర్వాత ఇది సరిచూడండి. ఇంకొకటి, చీల్చాక రికార్డులన్నీ ఒకే వైపు పడవచ్చు. అందుకే చేర్చే కోడ్ చోటు దొరికేదాకా తిరిగే లూప్‌గా ఉండాలి.

ఇప్పుడు 36, ఆ తర్వాత 52 చేర్చండి. 36 దగ్గర డైరెక్టరీ 16 అవుతుంది, 52 దగ్గర 32 అవుతుంది. రికార్డులు 14, బకెట్లు 8, గడులు మాత్రం 32! కారణం, 4, 20, 36, 52 అన్నిటికీ చివరి నాలుగు బిట్లు `0100`. కీనే హాష్‌గా వాడితే వచ్చే చిక్కు ఇది. బిట్లను బాగా కలిపే హాష్ ఫంక్షన్ ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది. ఒకే కీ ఉన్న రికార్డులు బకెట్ పట్టేదానికంటే ఎక్కువైతే మాత్రం ఏ ఫంక్షనూ కాపాడదు, ఎన్ని బిట్లు చూసినా అవి విడిపోవు. అక్కడ ఓవర్‌ఫ్లో పేజీకి దారి వదలకపోతే లూప్ ఆగకుండా డైరెక్టరీని రెట్టిస్తూనే ఉంటుంది.

ఇక చెట్టుతో పోలిక. 10 లక్షల రికార్డులు, పేజీలు సుమారు 69 శాతం నిండి ఉంటాయనుకుంటే 36,000 బకెట్లు కావాలి. డైరెక్టరీలో 1,31,072 గడులు, గడికి 8 బైట్లు వేసుకున్నా 1 ఎంబీ. అది మెమరీలో ఉంటుంది, కాబట్టి ఒక కీకి ఒక డిస్క్ రీడ్. అదే డేటాకు బీ ప్లస్ ట్రీలో నాలుగు స్థాయిలు వస్తాయి. నాలుగు రీడ్లు అనుకుంటాం గానీ, ఒక్కో నోడ్‌కు 170 పిల్లలు ఉంటే పై మూడు స్థాయిలూ కలిపి సుమారు 215 పేజీలే, అంటే 1 ఎంబీ కూడా లేదు. అవీ మెమరీలో ఉంటే చెట్టుకూ ఒకే డిస్క్ రీడ్ పడుతుంది. సమానత్వపు వెతుకులాటలో హాషింగ్ గెలుపు పుస్తకంలో కనిపించినంత పెద్దది కాదని గట్టిగా చెప్పొచ్చు.

రేంజ్ దగ్గర మాత్రం పోలికే లేదు. 5000 నుంచి 5400 వరకు కీలు వరుసగా ఉన్నాయనుకోండి. చెట్టులో 5000 ఉన్న ఆకు పేజీకి దిగి పక్క పాయింటర్లు పట్టుకుని నడిస్తే 15, 16 పేజీలతో పని అయిపోతుంది. మంచి హాష్ పక్కపక్క కీలను చెల్లాచెదురు చేస్తుంది, దాని పనే అది. కాబట్టి 401 కీలను విడివిడిగా అడగాలి. కీలు పేర్లో, సెకన్లతో కూడిన సమయాలో అయితే మధ్యలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టి అడగడం కుదరదు, 36,000 పేజీలూ చదవాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లో మీరే చూడొచ్చు:

```sql
CREATE INDEX ord_h ON orders USING hash (order_no);
EXPLAIN SELECT * FROM orders
WHERE order_no BETWEEN 5000 AND 5400;
```

`order_no` మీద వేరే ఇండెక్స్ లేకపోతే ప్లాన్‌లో `Seq Scan` వస్తుంది. ఆ హాష్ ఇండెక్స్ `=` కే పనిచేస్తుంది. అది వాడేది ఎక్స్‌టెండిబుల్ కాదు, లీనియర్ హాషింగ్. డైరెక్టరీని ఒక్కసారిగా రెట్టించకుండా బకెట్లను వరుసగా చీల్చుకుంటూ పోయే ఆ పద్ధతి వచ్చే భాగంలో.

అభ్యాసం: పై ఉదాహరణలో 52 తర్వాత 68, 100 చేర్చండి. చివరికి 64 గడులు, 9 బకెట్లు రావాలి. C ని చూపే గడులు ఎన్నో లెక్కపెట్టండి, 16 రాకపోతే పాయింటర్లు నకలు చేసిన చోటు మళ్లీ చూడండి.