యాడ్ లెక్క ఫైనాన్స్ హెడ్‌కి చెప్పడం - 4: పేబ్యాక్ రెండు నెలలే, మరి క్యాష్ ఏది?

కొత్త కస్టమర్ కోసం పెట్టిన యాడ్ ఖర్చు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో, అంటే పేబ్యాక్ ఎంతో తేల్చమని పోయినసారి ఇచ్చిన లెక్కకు చాలామంది ఇలా రాశారు: "కొత్త కస్టమర్‌కి యాడ్ ఖర్చు 600, మొదటి ఆర్డర్ 1000, కాబట్టి పేబ్యాక్ అదే రోజు." ఈ మాట ఫైనాన్స్ హెడ్ ముందు అంటే మీటింగ్ అక్కడితో సరి. బడ్జెట్ పాఠం వచ్చేసారికి జరిపి, ముందు ఇది తేల్చుకుందాం.

పన్ను పోను 1000 అమ్మకం. అందులోంచి సరుకు ఖరీదు, డెలివరీ, పేమెంట్ ఛార్జీలు, వాపసుల నష్టం తీసేస్తే 400 మార్జిన్ మిగిలిందనుకోండి. యాడ్ ఖర్చు తీరాల్సింది ఈ 400తోనే. మిగతాది మన చేతికి వచ్చినా మనది కాదు, ఎవరికో ఇవ్వాల్సిందే. అంటే మొదటి ఆర్డర్ తర్వాత కూడా ఇంకా 200 బాకీ. ఆ కస్టమర్ మళ్ళీ కొనడం వల్ల నెలకు సగటున 100 మార్జిన్ వస్తే, బాకీ తీరడానికి ఇంకో రెండు నెలలు. పేబ్యాక్ అంటే ఇదీ. అమ్మకాన్ని యాడ్ ఖర్చుతో భాగించి 1.67 అని మురిసిపోతే ఈ బాకీ కనిపించదు.

ఆ 600 కూడా యాడ్ డాష్‌బోర్డ్ నుంచి తీసుకోకండి. పాత కస్టమర్లు యాడ్ నొక్కి కొన్నా అక్కడ లెక్కలోకి వస్తారు. నేనైతే మొత్తం యాడ్ ఖర్చును మన ఆర్డర్ల రికార్డులో మొదటిసారి కొన్నవాళ్ల సంఖ్యతోనే భాగిస్తాను.

ఇక క్యాష్. నెలకు 1000 మంది కొత్తవాళ్లను తెస్తున్నాం. ఖర్చు 6 లక్షలు, మొదటి ఆర్డర్ల మార్జిన్ 4 లక్షలు. మొదటి నెలాఖరుకు లోటు 2 లక్షలు. రెండో నెలలో పాతవాళ్ల నుంచి లక్ష వస్తుంది, కానీ కొత్త బ్యాచ్ ఇంకో 2 లక్షలు తింటుంది. లోటు 3 లక్షలు. మూడో నెలలో రెండు పాత బ్యాచ్‌లు కలిసి 2 లక్షలు తెస్తే, కొత్త బ్యాచ్‌కి అంతే పోతుంది, లోటు అక్కడే ఉంటుంది. నాలుగో నెలకు 2 లక్షలకు తగ్గి, ఐదో నెలాఖరుకు సున్నా. ఒక్కో కస్టమర్ పేబ్యాక్ రెండు నెలలే అయినా, కంపెనీ ఖాతా కోలుకోవడానికి ఐదు నెలలు. ఫైనాన్స్ హెడ్ అడిగేది ఈ రెండో లెక్కే.

అందుకే మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఈ ప్లాన్‌కి ఎక్కువలో ఎక్కువ 3 లక్షల క్యాష్ ఇరుక్కుంటుంది, ఐదో నెలాఖరుకు తిరిగొస్తుంది." వెంటనే దాని బలహీనత కూడా మీరే చెప్పండి. ప్రతి బ్యాచ్ నెలనెలా తెచ్చే ఆ లక్ష 80 వేలకు పడిపోతే లోటు 3.6 లక్షలకు పెరుగుతుంది, సున్నాకు రావడానికి ఆరో నెల పడుతుంది. ఆరు నెలల కిందటి బ్యాచ్ నిజంగా ఎంత తెచ్చిందో వీటి పక్కనే చూపిస్తే ఏ అంకె నమ్మాలో ఆయనకే తెలుస్తుంది. అమ్మకాల డబ్బు ఆలస్యంగా జమయ్యేచోట, సరుకుకు ముందే చెల్లించేచోట లోటు ఇంకా లోతుగా ఉంటుంది.

అభ్యాసం: రెండో నెల నుంచి యాడ్ ఖర్చు పెంచి, కొత్త కస్టమర్లను రెట్టింపు చేయండి. అదనంగా వచ్చినవాళ్లకు మాత్రం తలకు 750 ఖర్చవుతుంది, వాళ్లు మళ్ళీ కొనేది సగమే. ఎనిమిది నెలల క్యాష్ పట్టిక వేసి, ఈ పెంపు వద్దనడానికి ఫైనాన్స్ హెడ్‌కి ఏ నెల అంకె చాలో గుర్తుపెట్టండి.