బతుకమ్మ పాట ఛానెల్‌కి ఇచ్చే ముందు: లెక్కలు చూసే హక్కు విషయంలో జాగ్రత్తలు

బతుకమ్మకు నెల, నెలన్నర ముందు నుంచే తెలంగాణలో పాటల పని జోరందుకుంటుంది. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు, పాడినవాళ్లు యూట్యూబ్ ఛానెళ్లతో ఒప్పందాలు రాసుకునేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. పండగలోపు పాట బయటికి రావాలన్న తొందరలో చాలామంది ఒప్పందంలో చూసుకునేది ఒక్కటే, వాటా ఎంత శాతమని. 30 శాతం అని ఉంటే సంతకం పెట్టేస్తారు. ఆ 30 శాతం ఏ మొత్తం మీద లెక్కేస్తారు, ఆ మొత్తం నిజమని ఏ కాగితం చూసి తేల్చుకోవాలి అన్నది రాసి ఉండదు.

పైగా బతుకమ్మ పాట ఒక్క సీజన్‌తో అయిపోయేది కాదు. బాగా ఆడిన పాటను ఏటా దసరా ముందు మళ్లీ పెట్టుకుంటారు. మిగతా నెలల్లో పడుకున్న వ్యూస్ ఆ రోజుల్లో లేస్తాయి. అంటే ఈ లెక్క మీకు ఏళ్ల తరబడి అవసరం. ఆలోపు ఛానెల్ చేతులు మారవచ్చు, అకౌంటెంట్ మారవచ్చు.

ఏయే రికార్డులు చూపాలో పేరు పెట్టి రాయించండి

చాలా ఒప్పందాల్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది: "సంస్థ సరైన ఖాతా పుస్తకాలు నిర్వహిస్తుంది, ముందస్తు నోటీసుతో వాటిని తనిఖీ చేసుకోవచ్చు." చదవడానికి బాగానే ఉంటుంది, కానీ పనికి రాదు. ఛానెల్ వాళ్ల ఖాతా పుస్తకంలో యూట్యూబ్ నుంచి నెలకోసారి పడిన డబ్బు ఒకే అంకెగా ఉంటుంది. అది ఛానెల్‌లోని పాటలన్నిటిదీ కలిపి. అందులో మీ పాట వంతు ఎంతో ఆ పుస్తకం చెప్పదు. మీరు హక్కుగా వెళ్లి కూర్చున్నా, వాళ్లు నిజాయితీగా పుస్తకం తెరిచి చూపించినా, మీకు కావలసింది అందులో ఉండదు.

పాటవారీ లెక్క ఉండేది యూట్యూబ్ రిపోర్టుల్లో. మామూలు ఛానెల్ అయితే యూట్యూబ్ స్టూడియోలో Analytics, అక్కడ Advanced mode తెరిచి, మీ వీడియో ఎంచుకుంటే Estimated revenue కనిపిస్తుంది. దాన్ని ఫైలుగా దించుకోవచ్చు. పేరుకు తగ్గట్టే అది అంచనా, చివరికి చేతికొచ్చే మొత్తానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పెద్ద లేబుళ్లకు కంటెంట్ ఓనర్ ఖాతా ఉంటుంది. వాళ్లకు నెలనెలా ఖరారైన రిపోర్టులు వస్తాయి. అందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంటుంది. మీ పాటను వేరేవాళ్లు తమ వీడియోల్లో వాడుకున్నప్పుడు, దాన్ని గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటైన కంటెంట్ ఐడీ ద్వారా క్లెయిమ్ వేసి లేబుల్ సంపాదించే డబ్బు. ఊరూరా బతుకమ్మ ఆడిన వీడియోల వెనక మోగే పాటకు ఈ ఆదాయం చిన్నదేమీ కాదు. ఇవి కాక ఆడియో యాప్‌లు, కాలర్ ట్యూన్ల లెక్క, పాటను వాటికి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే స్టేట్‌మెంట్‌లో విడిగా ఉంటుంది. మీ రికార్డింగ్‌కి ఇచ్చిన 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటేనే ఆ స్టేట్‌మెంట్‌లో మీ పాటను వెతకడం సులువవుతుంది. ఆ కోడ్, వీడియో లింకు, కంటెంట్ ఐడీలో పాటకున్న అసెట్ ఐడీ మూడూ పాట విడుదలైన వారంలోనే అడిగి రాసి పెట్టుకోండి.

అందుకే క్లాజు ఇలా ఉండాలి: "ఈ పాటకు సంబంధించి యూట్యూబ్ వీడియోవారీ ఆదాయ రిపోర్టులు, షార్ట్స్ ఆదాయం, కంటెంట్ ఐడీ క్లెయిముల రిపోర్టులు, నెట్‌వర్క్ మరియు డిస్ట్రిబ్యూటర్ స్టేట్‌మెంట్లు, బ్యాంకు జమల వివరం, కోత పెట్టిన ప్రతి ఖర్చు బిల్లు, వీటిని సంస్థ ప్రతి నెలా దించి, కళాకారుడికి చివరి వాటా స్టేట్‌మెంట్ ఇచ్చిన తేదీ నుంచి కనీసం 4 ఏళ్లు భద్రపరచాలి."

"దించి భద్రపరచాలి" అన్న మాట వదలకండి. కంపెనీగా నమోదైన సంస్థ ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలని కంపెనీల చట్టం చెబుతుంది. కానీ వీడియోవారీ రిపోర్టు కూడా ఖాతా పుస్తకమేనా అని వాదన మొదలవుతుంది. పైగా మన దగ్గర చాలా ఛానెళ్లు కంపెనీలు కావు, ఒక మనిషి పేరు మీద నడిచేవి. ఛానెల్ అమ్మేశాక, వీడియో తీసేశాక "ఇప్పుడు నా లాగిన్‌లో ఏమీ లేదు" అంటే మీరు చేయగలిగేది తక్కువ.

స్టేట్‌మెంట్ వచ్చాక గడువు గమనించండి

"స్టేట్‌మెంట్ అందిన 6 నెలల్లో అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే" అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సంతకానికి ముందే దీన్ని కనీసం 2 ఏళ్లకు, వీలైతే 3 ఏళ్లకు పెంచమని అడగండి. బాకీ డబ్బు కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు సాధారణంగా 3 ఏళ్లు. కోర్టుకెళ్లే గడువును ఒప్పందంతో కుదించడం చెల్లదని కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. అయినా "అంగీకరించినట్టే" అన్న మాట ఆ సెక్షన్ కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు వాదించుకునే విషయం. దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోవద్దు. గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి.

డబ్బు పడిన ప్రతిసారీ ఒక చిన్న మెయిల్ పెట్టే అలవాటు చేసుకోండి: "ఫలానా మొత్తం అందింది. లెక్కల తనిఖీ హక్కుకు లోబడి స్వీకరిస్తున్నాను." రసీదు మీద "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉంటే సంతకం పెట్టకండి, ఆ మాట కొట్టేసి ఇవ్వమనండి.

ఒక లెక్క వేసి చూద్దాం

ఊహకు ఒక పాట తీసుకుందాం. రచయిత వాటా నికర ఆదాయంలో 30 శాతం. అక్టోబరు నుంచి మార్చి వరకు వచ్చిన స్టేట్‌మెంట్‌లో యూట్యూబ్ ఆదాయం ₹3,60,000, ప్రమోషన్ ఖర్చు ₹60,000, నికరం ₹3,00,000, రచయిత వాటా ₹90,000 అని ఉంది. అందులో 10 శాతం టీడీఎస్ పోను ₹81,000 ఖాతాలో పడింది. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

ముందు ఎవరినీ అడగకుండా చూడగలిగినవి చూడాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపించే టీడీఎస్ ₹9,000 ఉందా? ఎక్కువ మొత్తం మీద టీడీఎస్ కట్టి ఉంటే వాళ్ల పుస్తకంలో మీ వాటా వేరేగా ఉందన్న మాట. కట్టనే కట్టకపోతే అది ఇంకో సమస్య. ఆ తర్వాత వ్యూస్. బతుకమ్మకు ముందు రోజు, దసరా అయ్యాక, ఆపైన ప్రతి నెల మొదటి తేదీన వీడియో వ్యూస్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, అక్టోబరులో వ్యూస్ లేచి ఆదాయం లేవకపోవడం వెంటనే కనబడుతుంది. పండగ తేదీ ఏటా కొంచెం మారుతుంది కాబట్టి నెలకు నెల కాకుండా సెప్టెంబరు, అక్టోబరు కలిపి పోల్చండి.

ఇప్పుడు ఆడిట్‌లో ఏం బయటపడిందంటే, ప్రధాన వీడియో ఆదాయం ₹3,60,000 నిజమే. కానీ కంటెంట్ ఐడీ క్లెయిములతో వచ్చిన ₹70,000, ఆడియో యాప్‌ల నుంచి వచ్చిన ₹50,000 స్టేట్‌మెంట్‌లోకి ఎక్కలేదు. ప్రమోషన్ బిల్లుల్లో ₹25,000 వేరే పాటవి. సరైన లెక్క ఇది: మొత్తం ₹4,80,000, చెల్లే ఖర్చు ₹35,000, నికరం ₹4,45,000, రచయిత వాటా ₹1,33,500. ఇచ్చింది ₹90,000. తక్కువ పడింది ₹43,500, అంటే రావలసిన దాంట్లో దాదాపు మూడో వంతు. స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకెల్లో తప్పు పట్టదగ్గది ఖర్చు ఒక్కటే. మిగతాది అసలు స్టేట్‌మెంట్‌లోకే రానిది. ఆడిట్ చేసేవాళ్లు వెతకాల్సింది ముఖ్యంగా ఆ లేని వరుసల కోసమే.

ఇంకో కోత ప్రత్యేకంగా చూడాలి. అమెరికాలోని మనవాళ్లు చూసిన వ్యూస్ మీద యూట్యూబ్ అక్కడి పన్ను పట్టుకుంటుంది. ఛానెల్ యజమాని పన్ను వివరాలు సరిగ్గా ఇచ్చి ఉంటే భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం 15 శాతం, అదీ అమెరికా వ్యూస్ ఆదాయం మీదే. వివరాలు ఇవ్వకపోతే ప్రపంచం మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పోవచ్చు. ఆ నిర్లక్ష్యం ఖరీదు మీ వాటాలోంచి పోకూడదు. "అమెరికా పన్ను" అన్న వరుస పెద్దగా కనిపిస్తే ఆ నెల పేమెంట్ వివరం అడగండి.

ఆడిట్ అడిగే తీరు

ఫోన్‌లో "అన్నా, లెక్కలు ఒకసారి చూపించవా" అని అడిగితే "రా తమ్మీ, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. ఏడాది అలాగే గడిచిపోతుంది. మాట్లాడుకోండి, తప్పు లేదు. కానీ అదే రోజు నోటీసు కూడా పంపండి. ఒప్పందంలోని నోటీసుల క్లాజులో ఏ చిరునామా, ఏ మెయిల్ ఉందో సరిగ్గా దానికే, స్పీడ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ పంపాలి. అందులో ఏ క్లాజు కింద అడుగుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏయే రిపోర్టులు, ఎవరు చూస్తారు, ఏ తేదీన అన్నవి ఉండాలి. 30 రోజుల ముందస్తు అని ఉంటే 35 రోజుల తర్వాతి తేదీ ఇవ్వండి. గడువు దగ్గర పడి ఉంటే "ఈ కాలానికి సంబంధించిన స్టేట్‌మెంట్లను అంగీకరించడం లేదు" అన్న వాక్యం తప్పక చేర్చండి.

వెళ్లేది మీరొక్కరే కాకుండా యూట్యూబ్ రిపోర్టులు చదవడం తెలిసిన సీఏతో వెళ్లడం మంచిది. కొన్ని ఒప్పందాల్లో, దొరికిన డబ్బులో వాటా తీసుకునే ఆడిటర్‌ను ఒప్పుకోబోమని ఉంటుంది, ముందే చూసుకోండి. రిపోర్టుల ప్రింట్లు, స్క్రీన్‌షాట్లు ఇస్తే సరిపోదు. ఫైలును మీ ఎదురుగా వాళ్ల లాగిన్‌లోంచి దించమనండి. ఎడిట్ చేసిన ఎక్సెల్ షీటుకీ, నేరుగా దించిన ఫైలుకీ తేడా దొరికే చోటు అదే. గోప్యత పత్రం మీద సంతకం అడగడం న్యాయమే, వేరే కళాకారుల లెక్కలు అందులో ఉండవచ్చు. అయితే దొరికిన వివరాలను కోర్టులో, ఆర్బిట్రేషన్‌లో వాడుకోవచ్చని ఆ పత్రంలో రాసి ఉండాలి.

ఆడిట్ ఖర్చు సంగతి సంతకం రోజే తేలాలి. చెల్లించాల్సిన దాంట్లో 5 శాతానికి మించి తక్కువ పడితే ఆడిట్ ఫీజు సంస్థే భరించాలి, బాకీ మీద వడ్డీ ఇవ్వాలి అన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతే. ఛానెల్ వాళ్లు 10 శాతం అంటారు. నా లెక్కలో 10కి ఒప్పుకున్నా ఫర్వాలేదు, ఆ క్లాజు అసలు లేకపోవడమే ప్రమాదం. ₹43,500 కోసం ₹30,000 ఫీజు కట్టుకుని వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు, ఆ సంగతి అవతలివాళ్లకూ తెలుసు. ఒకే ఛానెల్‌కి ఇచ్చిన నలుగురైదుగురు కలిసి ఒకే సీఏను పెట్టుకోవడానికి ఒప్పందం అడ్డురాకుండా కూడా చూసుకోండి.

తేడా దొరికాక సవరించిన స్టేట్‌మెంట్ రాతలో తీసుకోండి. గడువు ముగియకముందే బాకీ ఉన్నట్టు వాళ్లు సంతకంతో ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అసలు తలుపే తీయకపోతే ఆర్బిట్రేషన్ క్లాజు ఉందో లేదో చూసి ఆ దారిన వెళ్లాలి. పాట హక్కులు రాసిచ్చిన ఒప్పందం అయితే, కాపీరైట్ చట్టం 19ఏ సెక్షన్ కింద కమర్షియల్ కోర్టులో ఫిర్యాదు చేసే వీలూ ఉంది. హక్కుల బదిలీ పత్రంలో రాయల్టీ ఎంతో రాసి ఉండాలని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అసలు ఎంతో రాయని పత్రం ఎవరైనా సంతకానికి ముందు పెడితే, పండగ రెండు రోజుల్లో ఉన్నా సరే, ఆ పత్రం మీద సంతకం పెట్టకండి.