ఉరకెత్తే పొలానికి మురుగు పైపులు – 4వ పాఠం: పైపుకీ పైపుకీ మధ్య ఎంత దూరం?

ఈ పాఠం నేరుగా సూత్రంతో మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి ఆగరు బర్మాతో గుంట పరీక్ష చేసి మీరు పంపిన లెక్కలు చూశాక ఆగాల్సి వచ్చింది. గుంటలు బాగానే తవ్వారు, నీళ్లు తోడారు, మళ్లీ ఊరడాన్ని గడియారం పెట్టి కొలిచారు. అక్కడిదాకా పేచీ లేదు. ఆ తర్వాత అయిదు గుంటల విలువలు కూడి అయిదుతో భాగించారు. తిప్పలన్నీ అక్కడే వచ్చాయి.

కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి వచ్చిన ఒక లెక్క తీసుకుందాం. వరి కోశాక మినుము వేసే మాగాణి. K, అంటే మట్టిలో నీరు కదిలే వేగం, రోజుకు మీటర్లలో ఇలా వచ్చింది: 0.4, 0.5, 0.6, 0.3, 9.0. కూడి అయిదుతో భాగిస్తే 2.16. ఆ పొలంలో ఒక్క గుంట కూడా 2కు దగ్గర్లో లేదు. ఒక్క గుంట మిగతా నాలుగింటినీ తన వైపు లాక్కుపోయింది.

ఆ 9.0 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి పొలం చూడనక్కర్లేదు. గట్టు పక్కన తవ్విన గుంట అది. ఎండ్రకాయ బొరియ తగిలి ఉంటుంది, లేకపోతే ఎండాకాలం పడిన నెర్ర. గుర్తుపట్టడం తేలికే. మామూలు గుంటలో నీరు చుట్టూ చెమ్మలా ఊరి, మట్టం పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. బొరియ తగిలిన గుంటలో ఒక పక్క నుంచే ధారగా వస్తుంది. అలా కనిపిస్తే ఆ గుంట వదిలేసి రెండు మూడు మీటర్ల అవతల ఇంకోటి తవ్వండి. వాళ్లు అలాగే చేశారు, 0.7 వచ్చింది.

ఇప్పుడు కూడికతో కాదు, అయిదింటినీ గుణించి అయిదో మూలం తీయాలి. 0.48 వస్తుంది. నా అడ్డదారి వేరు: విలువలన్నీ వరసగా రాసి సరిగ్గా మధ్యలో ఉన్నది తీసుకుంటాను. ఇక్కడ అది 0.5. ఆ తప్పు గుంట అలాగే ఉండిపోయినా మధ్య విలువ 0.5 గానే ఉండేది, అందుకే నాకు ఈ పద్ధతి ఇష్టం. ఈ పాఠమంతా K = 0.5.

ఇక సూత్రం. 1940లో డచ్ శాస్త్రవేత్త హూగౌట్ ఇచ్చినది:

```
L² = (8·K·d·h + 4·K·h²) / q
d  = D / (1 + (8·D/(π·L))·ln(D/u))
```

L మనకు కావాల్సిన దూరం. q అంటే రోజుకు పొలం నుంచి తీయాల్సిన నీరు. ఈ పొలానికి నేను 2 మి.మీ. పెడుతున్నాను, సూత్రంలో 0.002 మీటర్లు అని రాయాలి. h అంటే రెండు పైపుల నడిమధ్యన నీటిమట్టం పైపు కంటే ఎంత ఎత్తులో ఉండొచ్చు అన్నది. నేల నుంచి లోతు కాదు. పైపు 1 మీటరు లోతున ఉండి, మినుముకు 60 సెం.మీ. దాకా పొడినేల కావాలనుకుంటే h = 0.4. పైపు లోతును ఇష్టం వచ్చినట్టు పెంచలేం. మురుగు కాలువలో నీటిమట్టం ఎక్కడుంటే అక్కడికే కట్టుబడాలి. u అంటే పైపు వ్యాసార్ధం గుణించు π. 10 సెం.మీ. పైపుకు 0.157.

మిగిలినవి పెద్ద D, చిన్న d. నాకు చిరాకు తెప్పించేది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

D అంటే పైపు నుంచి కిందికి, నీరు దిగని పొర దాకా ఉన్న మందం. పై మట్టి K లో పదో వంతు కంటే తక్కువ ఉన్న పొరను నీరు దిగని పొర అనుకోవచ్చు. చాలామంది ఈ D నే తీసుకెళ్లి సూత్రంలో d ఉన్నచోట పెట్టేస్తారు. అది తప్పు. సూత్రం నీరంతా అడ్డంగా నడిచి వస్తుందనుకుంటుంది. నిజానికి పైపు దగ్గరకొచ్చేసరికి నాలుగు పక్కల నుంచీ వచ్చే నీరు ఆ చిన్న గొట్టంలోకి ఇరుక్కుని దూరాలి. తిరునాళ్లలో మైదానమంతా ఖాళీగా ఉన్నా గుడి గుమ్మం దగ్గర తోపులాట ఉంటుంది కదా, అలాగ. ఆ తోపులాటలో పోయే బలాన్ని లెక్కలోకి తేవడానికి హూగౌట్ మందాన్ని తగ్గించి రాశాడు. ఆ తగ్గిన మందమే d.

చిక్కేమిటంటే d తెలియాలంటే L కావాలి, L తెలియాలంటే d కావాలి. అందుకని ఒక దూరం ఊహించుకుని మొదలుపెట్టి తిప్పుతూ పోవాలి. మన పొలంలో నీరు దిగని పొర 3 మీటర్ల లోతున ఉంది, కాబట్టి D = 2. విలువలు పెడితే L² = 800·d + 160 అవుతుంది. ముందు d చోట 2 పెడితే L = 42. ఆ 42 తో d తీస్తే 1.53, దానితో L = 37.2. మళ్లీ తిప్పితే 36.7, ఆపైన పెద్దగా కదలదు. నేను ఎప్పుడూ కిందికే దించుతాను: 35 మీటర్లు.

42 కీ 37 కీ పెద్ద తేడా ఏముంది అంటారేమో. పొర లోతుగా ఉంటే చూడండి. ఆగరుకు పొర తగలక ఒకరు D = 10 రాసి, అదే d గా పెట్టి, 90 మీటర్లు తేల్చారు. సరిగా తిప్పితే వచ్చేది 53. ఆ 90 తోనే పైపులు వేసి ఉంటే నడిమధ్య నీటిమట్టం పైపు కంటే 81 సెం.మీ. ఎత్తుకు లేస్తుంది. అంటే నేలకు 19 సెం.మీ. కిందే నీరు. అలాంటి పొలంలో పైపు మీది వరసల్లో మొక్క పచ్చగా ఉంటుంది, నడిమధ్యన పసుపుపచ్చగా పాలిపోయి గిడసబారుతుంది. పైపు పూడిపోయిందని తవ్వి చూస్తారు, పైపు శుభ్రంగానే ఉంటుంది.

ఇదే కొలతతో మొదటి తప్పునూ చూద్దాం. K = 2.16, D = 2 పెట్టి ఎంత సరిగ్గా తిప్పినా L = 81.6 వస్తుంది, కిందికి దించితే 81. అసలు K 0.5 కాబట్టి, 81 మీటర్లకు పైపులు వేస్తే నడిమధ్య h 1.36 కు లేవాలి. పైపు ఉన్నదే 1 మీటరు లోతున. నీళ్లు నేల మీదే నిలుస్తాయి. ఎండ్రకాయ చేసిన పని అది.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు `LN` వాడండి. `LOG` వాడితే అది పది ఆధారంగా లెక్కేసి d ని పెంచేస్తుంది.

అభ్యాసం. K = 0.8, పైపు 1.2 మీటర్ల లోతున, పొడినేల 0.7 మీటర్లు, నీరు దిగని పొర 4.2 మీటర్ల దగ్గర, q = 3 మి.మీ., పైపు ఇంతకుముందుదే. 50 కి కాస్త అటూ ఇటూ రావాలి. 59 దగ్గరికి వస్తే d చోట D పెట్టారన్నమాట. అది కుదిరాక అసలు పని: మురుగు కాలువలో నీరు పెరిగి పైపును 0.9 మీటర్ల కంటే కిందికి దించలేకపోయారు. h తో పాటు D కూడా మారుతుంది. కొత్త L కట్టి, ఎకరానికి ఎన్ని మీటర్ల పైపు ఎక్కువ పడుతుందో తేల్చి, ఆ ఖర్చు పెట్టాలా, మినుముకు 60 సెం.మీ. పొడినేలతో సరిపెట్టుకోవాలా అన్నది రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి రాసుకురండి. అయిదో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.