తూకం ముందు వారం: బరువు దించే రెజ్లర్లకు, బాక్సర్లకు జాగ్రత్తలు

పోటీకి ఇంకా వారం ఉంది. మీ కేటగిరీ 65 కిలోలు. సాయంత్రం కాటా ఎక్కితే 67.5 చూపించింది. ఆ రెండున్నర కిలోలు ఎలా దించాలా అని టెన్షన్ పడే ముందు ఒక్క విషయం కనుక్కోండి: తూకానికీ బౌట్‌కీ మధ్య ఎన్ని గంటలున్నాయి? ఎంతవరకు దించొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఆ గంటలను బట్టే ఉంటుంది.

వెయిట్ క్లాస్ అంటే పై హద్దు మాత్రమే. 65 కిలోల కేటగిరీలో తూకం రోజు మీ బరువు 65 దాటకూడదు, అంతే. మిగతా వారాల్లో ఎంత ఉన్నారో ఎవరూ అడగరు. అందుకే అందరూ తమకన్నా కాస్త చిన్న కేటగిరీలో దూరి, అక్కడ పెద్దవాళ్లుగా నిలబడాలని చూస్తారు. వారంలో రెండున్నర కిలోల కొవ్వు కరగదు. కరిగించబోతే కండ కూడా పోతుంది. నీళ్లు మాత్రం పోతాయి, మళ్లీ వస్తాయి. లీటరు చెమట పోతే కాటా మీద కిలో తగ్గుతుంది. ఎముక, కండ ఎక్కడివక్కడే ఉంటాయి. వెయిట్ కట్ కిటుకంతా ఇదే. అయితే పోయిన నీళ్లు వెనక్కి రావడానికి టైమ్ పడుతుంది.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తూకం సాధారణంగా ముందురోజే అయిపోతుంది. బౌట్‌కి ఒక రోజు పైనే చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్లు చాలా దించి, చాలా నింపుకుంటారు. ఒలింపిక్ పద్ధతి వేరు. బాక్సర్‌ని బౌట్ ఉన్న రోజు ఉదయమే తూస్తారు. రెజ్లింగ్‌లో ఒక్కో కేటగిరీ రెండు రోజులు సాగుతుంది. మొదటిరోజు ఉదయం అందరినీ తూస్తారు. రెండోరోజు ఇంకా బరిలో ఉన్నవాళ్లు మళ్లీ కాటా ఎక్కాలి. ప్రొఫెషనల్ బాక్సర్ల వీడియోలు చూసి అదే ఇక్కడ చేస్తే మ్యాట్ మీద కాళ్లు లేవవు. ఇది నేను పడి నేర్చుకున్నదే. కుర్రతనంలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని స్కిప్పింగ్ చేసి బరువు దించాను. కాటా మీద గెలిచాను కానీ, మొదటి పట్టుకే రెండు పిక్కలూ పట్టేశాయి.

రెండోరోజు తూకం ఎంత పనిచేస్తుందో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అందరూ చూశారు. చాలాకాలం 53 కిలోల్లో ఆడిన వినేశ్ ఫొగాట్ అక్కడ 50 కిలోల్లో దిగింది. ఆగస్టు 6 ఉదయం తూకం దాటి, ఒకేరోజు మూడు బౌట్‌లు గెలిచి ఫైనల్‌కి వెళ్లింది. బౌట్‌ల మధ్య శక్తి కోసం తీసుకున్న కొద్దిపాటి నీళ్లు, ఆహారంతో సాయంత్రానికి బరువు రెండు కిలోలకు పైగా పెరిగింది. రాత్రంతా చెమటోడ్చినా, జుట్టు కత్తిరించినా తెల్లారి కాటా 100 గ్రాములు ఎక్కువ చూపించింది. రూల్ ప్రకారం ఆమెను చివరి స్థానంలో పెట్టారు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఆ రాత్రి సంగతి. ఒకసారి ఎండిపోయిన శరీరం తర్వాత దొరికిన ప్రతి చుక్కనూ, ప్రతి ఉప్పురేణువునూ గట్టిగా పట్టుకుంటుంది. మూత్రం తగ్గిపోతుంది. మొదటిసారి ధారగా కారిన చెమట రెండోసారి మొరాయిస్తుంది. కాబట్టి రెండు రోజుల పోటీకి వెళ్తుంటే, వరసగా రెండు ఉదయాలు అందుకోగలిగిన కేటగిరీనే ఎంచుకోండి.

ఇప్పుడు మన 67.5 లెక్కకి వద్దాం. ముందు మూడు రాత్రులు పడుకునే ముందు, లేచాక బాత్రూమ్‌కి వెళ్లొచ్చి బరువు రాసుకోండి. ఊపిరితో, సన్నటి చెమటతో, మూత్రంతో రాత్రిపూట కొంత దానంతటదే పోతుంది. అది మనిషిని బట్టి మారుతుంది. మీది 600 గ్రాములు అనుకుందాం. చివరి రెండు మూడు రోజులు పీచు ఎక్కువగా ఉండే తిండి తగ్గిస్తే పేగుల్లో బరువు ఇంకో అరకిలో దాకా దిగుతుంది. ఉప్పు, పిండిపదార్థాలు కొంచెం తగ్గిస్తే మరో 800 గ్రాములు రావచ్చు. ఎందుకంటే తిన్న పిండిపదార్థం కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, అలా దాచిన ప్రతి గ్రాము గ్లైకోజెన్‌ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కాకపోతే బౌట్‌లో మండే ఇంధనం ఆ గ్లైకోజెనే, కాబట్టి పిండిపదార్థం పూర్తిగా మానేయొద్దు. మొత్తం 1.9 కిలోలు అయింది. మిగిలిన 600 గ్రాములకు ముందురోజు సాయంత్రం మామూలు బట్టల్లో తేలికగా పరిగెత్తితే చాలు. ఆవిరి గదితో పని పడలేదు చూడండి.

అదే 70 కిలోల మనిషి అయితే? ఐదు కిలోలు, అంటే ఒంటి బరువులో ఏడు శాతం. ఉదయం తూకం ఉన్న పోటీకి అది మానుకుని పై కేటగిరీలో ఆడాలని నేను చెబుతాను. ఎదుగుతున్న పిల్లల్ని అయితే నీళ్లు ఆపి బరువు దించమనడమే తప్పు.

నీళ్లు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది. అదే రక్తం అటు కండరాలకూ, ఇటు ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ చాలాలి. చాలదు. గుండె వేగం పెంచుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించుతూ వారాల తేడాతో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. మూత్రం చిక్కదనం పరీక్షించి, ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నప్పుడే కనీస బరువు ఖాయం చేసే పద్ధతి తెచ్చారు.

అందుకే చెమట పట్టించేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు. పక్కన ఉన్న మనిషికి పని ఒక్కటే: మాట కలుపుతూ ఉండటం. ఈరోజు ఏ వారం అంటే తడబడుతున్నాడా, ఒళ్లు కాలుతున్నా చెమట ఆగిపోయిందా, నిలబడితే తూలుతున్నాడా? ఏ ఒక్కటి కనబడినా కట్ అక్కడితో ఆగిపోవాలి. మాట తడబడితే అది వడదెబ్బే అనుకుని వెంటనే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ అంబులెన్స్ పిలవాలి. ఇంకో 200 గ్రాములే కదా అని కోచ్ అన్నా సరే. మూత్రం ఎక్కువ పోయే మాత్రల జోలికి అసలు వెళ్లొద్దు. అవి డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. పైగా పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. తూకం అయ్యాక సెలైన్ ఎక్కించుకుందాం అన్నదీ కుదరదు, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించితే అది కూడా నిషేధమే.

తూకం దిగగానే చాలామంది లీటరు మంచినీళ్లు గటగటా తాగేస్తారు. కొంత కడుపులో ఊగుతూ ఉంటుంది, కొంత మూత్రంగా పోతుంది. ఓఆర్ఎస్ లాంటి ఉప్పు, చక్కెర కలిసిన ద్రవం పావు లీటరు చొప్పున పదిహేను, ఇరవై నిమిషాలకోసారి తాగితే ఒంట్లో నిలుస్తుంది. తిండి తేలికగా, నూనె లేకుండా ఉండాలి. రెండోరోజు కూడా తూకం ఉంటే మొదటిరోజు తాగే ప్రతి సీసా, తినే ప్రతి ముద్దా తూచి రాసుకోవాలి. బౌట్‌ల మధ్య ఒకసారి, చివరి బౌట్ అయ్యాక ఒకసారి కాటా ఎక్కాలి.

ఇంకొక్క మాట. మీ గది కాటాని నమ్మొద్దు. వేదిక దగ్గర ట్రయల్ కాటా ఉంటుంది, ముందురోజే దాని మీద ఎక్కి మీ కాటాకీ దానికీ తేడా ఎంతో చూసుకోండి. రెజ్లర్లు సింగ్లెట్ వేసుకునే చూసుకోవాలి, దాని బరువుకు మినహాయింపు ఇవ్వరు. మొదటిరోజు తూకానికి అరగంట ఉంటుంది, ఆ అరగంటలో ఎన్నిసార్లయినా కాటా ఎక్కవచ్చు. రెండోరోజు ఉండేది పదిహేను నిమిషాలే.