షాఫ్ట్ బండి వెనక చక్రం దగ్గర కూత: ముందు డబ్బా మీద చదవండి

గొలుసు బదులు షాఫ్టుతో వెనక చక్రం తిరిగే మోటార్‌సైకిల్లో లక్షణం ఇదీ. అరవై, డెబ్బై స్పీడులో యాక్సిలరేటర్ వదలగానే వెనక చక్రం దగ్గర సన్నగా కూత వస్తుంది. వెనక డ్రైవులో, అంటే చక్రం దగ్గరి గేర్ల పెట్టెలో, ఆయిల్ మార్చి ఎన్నో రోజులు కాలేదు, లెవెల్ కూడా సరిగ్గానే ఉంది. అందరూ నేరుగా బేరింగు మీద పడతారు. అది విప్పే ముందు, పోసిన ఆయిల్ డబ్బా ఉంటే పట్టుకురండి.

అమలాపురం నుంచి వచ్చిన ఒక బండి సంగతి చెబుతా. డబ్బా మీద 80డబ్ల్యూ-90 అని పెద్దక్షరాల్లో ఉంది, బండి పుస్తకంలోనూ అదే అంకె. "సరైనదే కదండీ" అన్నాడాయన. డబ్బా తిప్పితే కింద చిన్నక్షరాల్లో జీఎల్-4. పుస్తకం అడిగింది జీఎల్-5. మన వైపు ట్రాక్టర్ల షాపులో "90 ఆయిల్" అంటే చాలాసార్లు చేతికొచ్చేది జీఎల్-4 రకమే. ట్రాక్టరు గేర్లకు అది చాలు, దీనికి చాలదు.

80డబ్ల్యూ-90 అనే అంకె చెప్పేది చిక్కదనం ఒక్కటే. గేర్ల ఒత్తిడికి ఆయిల్ ఎంత తట్టుకుంటుందో చెప్పేది జీఎల్ అంకె. వెనక డ్రైవులో చాలా బళ్లకు హైపాయిడ్ గేర్లుంటాయి. వాటి పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, బాగా ఒత్తుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోతుంది. అప్పుడు గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందు వేడికి ఇనుముతో కలిసి పలచటి పొర కట్టి పళ్లను కాపాడుతుంది. జీఎల్-5లో ఆ మందు జీఎల్-4 కన్నా ఎక్కువ, దాదాపు రెట్టింపు.

ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. గేర్ ఆయిల్ కొలత వేరు, అందుకే గేర్ 90, ఇంజిన్ 40-50 వేడిలో ఇంచుమించు ఒకే చిక్కదనం. తేడా చిక్కదనంలో లేదు. ఇంజిన్ ఆయిల్‌ను మసి పట్టుకోడానికి, క్లచ్ జారకుండా చూడటానికి తయారుచేస్తారు. హైపాయిడ్ పళ్ల ఒత్తిడి దాని పని కాదు. అలాగని గేర్ ఆయిల్ ఇంజిన్‌లో పోయకండి, క్లచ్ జారుతుంది.

అమలాపురం బండి కాస్త తిరిగాక వేడిగా ఉండగానే ఆయిల్ దించాం. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటుకోవడం మామూలే. దీనికి మాత్రం వేలికి గుచ్చుకునే మెరుపు పొలుసులున్నాయి. సెంటర్ స్టాండ్ వేసి, పుస్తకం చెప్పినంత జీఎల్-5 పోశాం. చాలా బళ్లకి పావు లీటరు లోపే పడుతుంది. ఎక్కువ పోస్తే సీలు నుంచి కారి రిమ్ము మీదికొస్తుంది. ఐదొందల కిలోమీటర్లకు మళ్లీ దించితే పొలుసులు లేవు. కూత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అరిగిన పన్ను తిరిగి రాదు.

దించిన ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. వరదనీటి రోడ్డులో వేడి డ్రైవు మునిగితే బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీళ్లను లోపలికి లాగేసుకుంటుంది. మొత్తం దించి మార్చండి, బ్రీదర్ చూడండి. 75డబ్ల్యూ-90 సింథటిక్ దొరికినా బాగానే ఉంటుంది, మన ఎండల్లో ఆ 75కీ 80కీ పెద్ద తేడా ఉండదు. పుస్తకం వేరే గ్రేడు చెబితే అదే పోయండి. ఇవన్నీ చూశాకా కూత పోకపోతేనే బేరింగూ, షాఫ్టు కలిసే చోట పళ్లుండే స్ప్లైనూ చూడాలి.