టర్బోప్రాప్ పాఠాలు – 4: ఇరవై వేల నుంచి పన్నెండు వందలకి

పోయిన పాఠంలో గాలి కంప్రెసర్‌లో ఒత్తిడికి గురై, మంటలో వేడెక్కి, టర్బైన్ మీద పడేదాకా వచ్చాం. ఈసారి అక్కడి నుంచి ప్రొపెల్లర్ దాకా వెళ్దాం.

లెక్కలకి ఏటీఆర్ 72 విమానాన్ని తీసుకుందాం. హైదరాబాద్ నుంచి రాజమండ్రికో, కడపకో వెళ్లినవాళ్లలో చాలామంది ఎక్కే ఉంటారు. దాని పీడబ్ల్యూ127 ఇంజిన్‌లో షాఫ్టులు మూడు. వాటిలో రెండు షాఫ్టులు కంప్రెసర్లను తిప్పడానికే సరిపోతాయి. మూడోది పవర్ టర్బైన్‌ది, దాని పని ప్రొపెల్లర్‌ని తిప్పడం ఒక్కటే. మిగతా రెండింటితో దానికి ఏ గేరూ కలవదు. వేడి గాలి వచ్చి తగులుతుంది, అది తిరుగుతుంది, అంతే. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటే స్విచ్ వేస్తే రెండోది కూడా తిరుగుతుంది కదా, అలా.

నమ్మకం కుదరకపోతే ఎయిర్‌పోర్టులో ఆగి ఉన్న ఏటీఆర్‌ని చూడండి. ఒక్కోసారి కుడివైపు ఇంజిన్ హోరుమంటూ ఉంటుంది, ప్రొపెల్లర్ మాత్రం కదలదు. దాన్ని బ్రేకుతో పట్టి ఉంచి, కరెంటుకీ ఏసీకీ ఇంజిన్‌ని వాడుకుంటారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. రెండో ఫ్యాన్‌ని చేత్తో పట్టుకున్నా మొదటి ఫ్యాన్ మోటారు ఆగదు, ఇక్కడ జరిగేదీ అదే.

పవర్ టర్బైన్ నిమిషానికి సుమారు 20,000 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. రెండింటినీ నేరుగా బిగిస్తే బ్లేడ్ కొన వేగం సెకనుకి 4,100 మీటర్లు దాటాలి. అంటే ధ్వని వేగానికి పన్నెండు రెట్లు! అంతదాకా రాకముందే బ్లేడ్లు ఊడిపోతాయనుకోండి. అందుకే టేకాఫ్‌లో ప్రొపెల్లర్‌ని 1,200 చుట్ల దగ్గర ఉంచుతారు.

```
π × 3.93 × 1200 ÷ 60 ≈ 247 m/s
```

నేల దగ్గర ధ్వని వేగం సుమారు 340. మనం దాని లోపలే ఉన్నాం.

ఇరవై వేలని పన్నెండు వందలకి దించాలంటే దాదాపు 16.7కి ఒకటి చొప్పున తగ్గించాలి. చుట్లు తగ్గినంతా టార్క్‌గా, అంటే మెలితిప్పే బలంగా తిరిగొస్తుంది. టేకాఫ్‌లో 2,475 హార్స్‌పవర్ అనుకుంటే, టర్బైన్ వైపు టార్క్ సుమారు 880 న్యూటన్ మీటర్లు, ప్రొపెల్లర్ వైపు సుమారు 14,700. అంత బలం ఒకే పంటి మీద పడకూడదని గేర్‌బాక్స్‌లో దాన్ని రెండు మధ్య షాఫ్టులకి పంచి, మళ్లీ ఒక పెద్ద గేరు దగ్గర కలుపుతారు.

గేరు పళ్ల రాపిడిలో నూటికి ఒక వంతు పోయినా 18 కిలోవాట్లు, అంటే తొమ్మిది బాత్రూమ్ గీజర్ల వేడి. కాబట్టి ఇక్కడ ఆయిల్‌కి పళ్లని తడపడమే కాదు, వేడిని మోసుకుపోవడం కూడా పనే. ఆ ఆయిల్ దారిలో ఒక అయస్కాంతపు ప్లగ్గు ఉంటుంది. గేర్లూ బేరింగులూ అరగడం మొదలుపెడితే ఇనుప రజను దానికి అంటుకుంటుంది. మెకానిక్ ప్లగ్గు తీసి చూస్తాడు. మెత్తటి బూడిదలాంటి పూత మామూలు అరుగుదలకి గుర్తు. తళుక్కుమనే పొరలు గానీ ముక్కలు గానీ కనిపిస్తే మాత్రం విమానం ఆ పూటకి కదలకపోవచ్చు.

పైలట్ పవర్ పెంచితే చుట్లు పెరుగుతాయని కొత్తవాళ్లు అనుకుంటారు. పెరగవు. చుట్లని అదుపు చేసే గవర్నర్ అనే పరికరం బ్లేడ్ల కోణాన్ని మార్చి, అవి ఎక్కువ గాలిని పట్టేలా చేసి, చుట్లని అక్కడే నిలబెడుతుంది. పెరిగేది టార్క్. అందుకే పైలట్ ముందుగా చూసేది టార్క్ మీటర్. బరువు పడ్డ షాఫ్టు వెంట్రుకవాసి మెలిపడుతుంది, ఆ మెలికని కొలిచి అంకెగా చూపిస్తారు.

ఇక ఇది ఎక్కడ నప్పుతుంది? పైన ఎగిరేటప్పుడు ప్రొపెల్లర్‌ని 984 చుట్లకి తగ్గిస్తారు. కొన తిరిగే వేగం 202. విమానం గంటకి 510 కిలోమీటర్లు, అంటే సెకనుకి 142 మీటర్లు. ఈ రెండూ లంబంగా ఉంటాయి కాబట్టి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 247. ఇబ్బంది లేదు. అదే జెట్‌లా గంటకి 800తో పోవాలనుకుంటే 300 అవుతుంది, 35,000 అడుగుల దగ్గర ధ్వని వేగమే సుమారు 297! కొనల దగ్గర షాక్ తరంగాలు పుట్టి, మోత పెరిగి, తోపు పడిపోతుంది. అందుకే టర్బోప్రాప్‌ది దగ్గర ఊళ్ల దారి. మూడు నాలుగు వందల కిలోమీటర్ల ప్రయాణంలో విమానం పైకెక్కడానికీ కిందికి దిగడానికే చాలా సమయం పోతుంది కనుక జెట్ వేగం వల్ల మిగిలేది కొన్ని నిమిషాలే. ఇంధనం మాత్రం టర్బోప్రాప్‌కి బాగా తక్కువ పడుతుంది. రన్‌వే పొట్టిగా ఉన్నా సరిపెట్టుకుంటుంది.

ఇంటి లెక్క: డోర్నియర్ 228లో వాడే టీపీఈ331 ఇంజిన్ షాఫ్టు 41,730 చుట్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ 1,591. గేరు నిష్పత్తి కట్టండి. దీనిలో విడి పవర్ టర్బైన్ లేదు, అంతా ఒకే షాఫ్టు. మరి దీనికి హోటల్ మోడ్ కుదురుతుందా? జవాబు వచ్చే పాఠంలో.